4.00కీ 4.08కీ మధ్య ఒక్క విద్యార్థి

సెమిస్టర్ చివర్లో ఇంజినీరింగ్ కాలేజీ హెచ్‌వోడీ గదిలోకి ఒక కాగితం వస్తుంది. పేరు, సబ్జెక్టు, సెక్షన్, చివరి గడిలో ఒక అంకె. పన్నెండు మంది లెక్చరర్లుంటే పన్నెండు వరుసలు, పైనుంచి కిందికి మార్కుల క్రమంలో. అన్నిటికన్నా పైన 4.46, అడుగున 3.82. కింది ముగ్గురి పేర్ల మీద పసుపు రంగు పూసి ఉంటుంది. ఆ ముగ్గురినీ పిలిచి, ‘ఈసారి ఎందుకు తగ్గింది? ఒక లెటర్ రాసివ్వండి’ అనడం చాలా చోట్ల మామూలైపోయింది. ఇంక్రిమెంటు ఫైల్లోకి వెళ్లేదీ ఆ అంకే. ఏఐసీటీఈ 2019లో తెచ్చిన 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ పద్ధతిలో విద్యార్థుల అభిప్రాయానికి నూటికి 25 పాయింట్లున్నాయి. కాబట్టి ఆ గడిలో ఉన్నదాన్ని ఎలా చదవాలన్నది ఉత్తి లెక్కల సరదా కాదు.

పసుపు రంగు పడిన మూడు వరుసల్లో పైదాన్ని తీసుకుందాం. ఇది వివరించడం కోసం అల్లిన ఉదాహరణే. కాకపోతే ఇలాంటి షీటు చూడని కాలేజీ ఉద్యోగి ఉండరు. ఆ వరుస ఈఈఈ రెండో సంవత్సరానికి నెట్‌వర్క్ థియరీ చెప్పే మేడమ్‌ది. సగటు 4.00. ఆమెకు సరిగ్గా పైనున్న సార్‌కి 4.08. ఆయన పేరు మీద రంగు లేదు, లెటరూ అక్కర్లేదు. ఆ 0.08 తేడాలో ఏముందో చూడాలంటే సగటును పక్కనపెట్టి దాని వెనకున్న ఫారాలు తెరవాలి.

మేడమ్ సెక్షన్‌లో 60 మంది. ఫారం నింపింది 38 మంది. ‘మొత్తం మీద బోధన ఎలా ఉంది’ అన్న ప్రశ్నకు 17 మంది 5 వేశారు, 12 మంది 4, నలుగురు 3, ఇద్దరు 2, ముగ్గురు 1. అన్నీ కలిపితే 152. దాన్ని 38తో భాగిస్తే సరిగ్గా 4. ఇప్పుడు ఆ ముగ్గురిలో ఒక్కరు 1 బదులు 5 వేశారనుకోండి. మొత్తం 156 అవుతుంది, సగటు 4.11కి చేరుతుంది. మేడమ్ సార్‌ని దాటి పైకి పోతారు, పసుపు రంగు ఆయన మీద పడుతుంది. డిపార్ట్‌మెంట్‌లో ఎవరి బోధనా వీసమెత్తు మారలేదు. మారింది ఒక్క పిల్లవాడి ఒక్క నొక్కు. హాజరు 75 శాతం లోపు పడి కండోనేషన్ ఫీజు కట్టాల్సొచ్చిన కుర్రాడు ఆ కోపంలో 1 నొక్కి ఉండొచ్చు. లేదా ఆమె పాఠం నిజంగానే అతనికి ఒక్క ముక్కా ఎక్కక నొక్కి ఉండొచ్చు. షీటు చూసి అది చెప్పలేం.

38 మంది ఉన్న చోట ఒక్కరు ఒక్క మార్కు అటూ ఇటూ జరిగితే సగటు 0.026 కదులుతుంది. అంటే కంప్యూటర్ ముద్రించే రెండో దశాంశ స్థానం ఒక విద్యార్థి అభిప్రాయం కన్నా చిన్నది. కంప్యూటర్‌ని అడిగితే నాలుగు దశాంశాలు కూడా ఇస్తుంది. ఇచ్చిందల్లా సమాచారమే అనుకుంటే ఇబ్బంది మనదే.

సరే, రెండోది పనికిరాదు. మొదటి దశాంశం సంగతి? దీనికి ఒక చిన్న లెక్క ఉంది. ఇంటర్‌లో గణాంకాలు చదివినవారు గుర్తుపడతారు. ముందు మార్కులు సగటుకు ఎంతెంత దూరంలో చెదిరి ఉన్నాయో చూడాలి. మేడమ్ షీటులో 5 వేసినవారు సగటుకు ఒక మార్కు దూరంలో ఉన్నారు, 1 వేసినవారు మూడు మార్కుల దూరంలో ఉన్నారు. ఈ దూరాలను వర్గం చేసి కూడితే 56. దాన్ని 37తో భాగించి వర్గమూలం తీస్తే 1.23. దీన్నే ప్రామాణిక విచలనం అంటారు. దాన్ని మళ్లీ 38 వర్గమూలంతో, అంటే సుమారు 6.16తో, భాగిస్తే 0.20 వస్తుంది. సగటు తన చుట్టూ ఎంత ఊగగలదో చెప్పే కొలత ఇది. వాడుకలో దీనికి రెండింతలు అటూ ఇటూ చూస్తారు. అంటే 4.00 అని రాసిన చోట ‘3.6 నుంచి 4.4 మధ్య ఎక్కడో’ అని చదువుకోవాలి. ఇద్దరు లెక్చరర్లను పోల్చేటప్పుడు ఇద్దరి ఊగిసలాటా కలుస్తుంది. సార్ ఫారాలు కూడా ఇదే తీరులో ఉంటే, ఇద్దరి మధ్య తేడా 0.55 దాటితే తప్ప అది కాకతాళీయం కాదని గట్టిగా అనలేం. మన దగ్గరున్న తేడా 0.08.

ఇక్కడ కొందరు అధ్యాపకులే ఒక మంచి ప్రశ్న వేస్తారు. ‘ఇది ఎన్నికల సర్వేలా కొందరిని ఏరి అడిగింది కాదు కదా, క్లాసు మొత్తాన్నీ అడిగాం. అరవైకి అరవై మందీ నింపితే ఇక ఊగిసలాట ఎక్కడిది?’ అని. ఆ క్లాసు ఆ రోజు ఏమనుకుందన్నదే ప్రశ్న అయితే నిజమే, ఊగిసలాట లేదు. కానీ ఇంక్రిమెంటు ఇచ్చేవాళ్లు అడుగుతున్నది అది కాదు. ఈమె బాగా చెప్పే మనిషేనా, వచ్చే ఏడాది పిల్లలకు ఈ సబ్జెక్టు ఈమెకే ఇవ్వాలా అని అడుగుతున్నారు. ఈ ఏడాది ఈ సెక్షన్‌లో పడిన అరవై మంది ఎలాంటివాళ్లన్నది ఆమె చేతిలో లేదు. పక్క సెక్షన్ పిల్లలు పడి ఉంటే అంకె వేరుగా వచ్చేది. అదే పిల్లల్ని మిడ్ మార్కులు వేయకముందు అడిగినా వేరుగానే వచ్చేది. ఊగిసలాట అంటే ఇదే.

ఇప్పుడు మొత్తం కాగితానికి వద్దాం. పైనున్న 4.46కీ, అడుగున ఉన్న 3.82కీ తేడా 0.64. చూడ్డానికి పెద్దదే. ఒకరు గొప్ప గురువు, ఇంకొకరు చేతకాని గురువు అనిపిస్తుంది. ఒక్క క్షణం ఇలా ఊహించండి. పన్నెండు మందీ సరిసమానంగా బోధిస్తారు, ఎవరూ ఎవరికీ తీసిపోరు. ఒక్కొక్కరి సగటుకూ ఊగిసలాట మాత్రం మేడమ్ షీటులో లాగే 0.20. అలాంటప్పుడు పైవారికీ అడుగువారికీ మధ్య ఎంత తేడా వస్తుంది? పన్నెండు సంఖ్యలు ఇలా యాదృచ్ఛికంగా ఊగుతుంటే అతి పెద్దదానికీ అతి చిన్నదానికీ మధ్య దూరం సగటున ఆ ఊగిసలాటకు మూడుంపావు రెట్లు ఉంటుంది. 0.20ని మూడుంపావుతో హెచ్చవేస్తే 0.65. అంటే మన కాగితం మీద కనిపిస్తున్న తేడా అంతా, పన్నెండు మందీ అచ్చంగా సమానమైనా వచ్చేసేదే. అందరూ సమానమని దీంతో రుజువైపోలేదు. వేరువేరని ఈ కాగితం రుజువు చేయలేదంతే. అయినా ర్యాంకు ర్యాంకే. పన్నెండు మందిని వరుసలో నిలబెట్టాక ఎవరో ఒకరు పన్నెండో స్థానంలో నిలబడక తప్పదు. ‘డిపార్ట్‌మెంట్ సగటు కన్నా తక్కువ వచ్చినవారు సంజాయిషీ ఇవ్వాలి’ అనే సర్క్యులర్లు ఇంకా వింత. ఎంత మంచి డిపార్ట్‌మెంట్ అయినా సగానికి అటూ ఇటూగా జనం ఎప్పుడూ సగటు కిందే ఉంటారు.

ఇదంతా తెలియక జరుగుతోందా అంటే అదీ పూర్తిగా నిజం కాదు. గై బాయ్‌సెన్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, మరికొందరు కలిసి 2014లో దీన్ని పరీక్షించారు. కాలేజీ అధ్యాపకులకూ అధికారులకూ కల్పిత లెక్చరర్ల ఫీడ్‌బ్యాక్ సగటులు ఇచ్చి, ఎవరు మెరుగో తేల్చమన్నారు. గణాంకాల ప్రకారం లెక్కలోకి రానంత చిన్న తేడాలను కూడా పట్టుకుని ఎక్కువ అంకె ఉన్నవారికే వాళ్లు మొగ్గు చూపారు. ఆయనే 2015లో ఇంకో అడుగు వేసి, చిన్న తేడాలను పట్టించుకోవద్దని ముందే రాసిచ్చి మరీ అడిగాడు. అయినా పట్టించుకున్నారు. కళ్ల ముందు రెండు అంకెలుంటే పెద్దదాని వైపు చూపు పోవడాన్ని హెచ్చరిక ఆపలేదు. అందుకే షీటు మీద గమనిక అచ్చేయించడం కన్నా ర్యాంకు గడినే ఎత్తేయడం నయమని నా అభిప్రాయం.

సగటు దాచిపెట్టే సంగతి ఇంకొకటుంది. పక్క డిపార్ట్‌మెంట్‌లో మ్యాథ్స్ చెప్పే సార్‌కీ ఈసారి 4.00 వచ్చిందనుకుందాం. ఆయనకూ 38 ఫారాలే. అందులో నలుగురు 5, ముప్పై మంది 4, నలుగురు 3. ఒకటీ రెండూ వేసినవారే లేరు. కూడితే 152, సగటు 4. మేడమ్ అంకే, రెండో దశాంశం దాకా. కానీ ఈ ఇద్దరి క్లాసుల్లో జరుగుతున్నది ఒకటి కాదు. సార్ పాఠం దాదాపు అందరికీ ‘బాగానే’ ఉంది, ఎవరికీ అబ్బురంగా లేదు, ఎవరికీ కష్టంగానూ లేదు. మేడమ్ క్లాసులో దాదాపు సగం మందికి అద్భుతంగా ఉంది, ఐదుగురికి మాత్రం బొత్తిగా అందడం లేదు. సార్‌తో మాట్లాడాల్సింది ఒకటి, మేడమ్‌తో మాట్లాడాల్సింది ఇంకొకటి. సగటు మాత్రమే చూసిన హెచ్‌వోడీ ఇద్దరితోనూ ఒకే మాట మాట్లాడతారు.

కెనడాలోని టొరంటోలో రయర్సన్ విశ్వవిద్యాలయానికీ, అక్కడి అధ్యాపక సంఘానికీ మధ్య ఏళ్ల తరబడి నడిచిన వివాదం 2018లో మధ్యవర్తి విలియం కాప్లాన్ తీర్పుతో ముగిసింది. ఉద్యోగం ఖాయం చేయడానికీ, ప్రమోషన్లకూ బోధనా సామర్థ్యాన్ని తూచే కొలతగా ఈ ఫీడ్‌బ్యాక్ మార్కుల్ని వాడకూడదని ఆయన తేల్చారు. సగటులు తీసేసి, ఏ మార్కు ఎందరు వేశారన్న పట్టికను, ఎంత శాతం మంది నింపారన్న వివరంతో కలిపి చూపించడమే అర్థవంతమన్నారు. విద్యార్థుల మాటకు విలువ లేదని మాత్రం ఆయన అనలేదు. పాఠం వింటున్నప్పుడు తమకు ఎలా ఉందో చెప్పగలిగింది వాళ్లే.

ఎంత శాతం మంది అన్న దగ్గర కాస్త ఆగాలి. మేడమ్ క్లాసులో 22 మంది నింపలేదు. వాళ్ల సగటు 3.5 అయి ఉంటే క్లాసు మొత్తానికి 3.82 వచ్చేది. 4.5 అయి ఉంటే 4.18. పైన చెప్పిన వర్గమూలాల లెక్క దీన్ని సరిచేయలేదు. నింపనివాళ్లు నింపినవాళ్లలాంటివాళ్లే అన్న నమ్మకం మీదే ఆ లెక్క నిలబడి ఉంది. బాగా ఇష్టపడినవారూ, బాగా మండిపడినవారూ ముందు నింపి, మధ్యవారు వదిలేస్తే మేడమ్ షీటులో కనిపించిన రెండంచుల ఆకారమే వస్తుంది. దీనికి మందుగా చాలా కాలేజీలు ఫీడ్‌బ్యాక్ ఇస్తేగానీ హాల్ టికెట్ డౌన్‌లోడ్ కాకుండా పోర్టల్‌కు తాళం వేశాయి. శాతం వందకు చేరింది. దాంతో పాటే ఇంకో జబ్బు వచ్చింది. ఆరు సబ్జెక్టులకు తలా పది ప్రశ్నలు, మొత్తం అరవై గడులు. పరీక్ష ముందు రోజు రాత్రి ఫోన్లో హాల్ టికెట్ కోసం కూర్చున్న కుర్రాడు ఒకే నిలువు వరుసలో వేలు దించుకుంటూ పోతాడు.

దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. సగటుల షీటు కాకుండా, పేర్లు లేని విడి ఫారాల ఎక్సెల్ ఫైలు తెరిచి, పది ప్రశ్నలకూ ఒకే మార్కున్న వరుసలు ఎన్నో లెక్కపెట్టాలి. మన ఉదాహరణలో తాళం లేదు, అయినా మేడమ్ 38 ఫారాల్లో అలాంటివి 14 ఉన్నాయనుకుందాం. పదికి పదీ 5 వేసినవి 11, పదికి పదీ 1 వేసినవి 3. ఆ మూడింట్లో ‘క్లాసుకు సమయానికి వస్తారా’ అన్న ప్రశ్నకు కూడా 1 ఉంది. బయోమెట్రిక్‌లో చూస్తే సెమిస్టర్ పొడుగునా ఆమె ఒక్క రోజూ ఆలస్యం కాలేదు. అంటే ఆ ముగ్గురూ సమయపాలన గురించి చెప్పలేదు, ఆమె మీద తమకున్న మొత్తం అభిప్రాయాన్ని పదిసార్లు చెప్పారు. 5 వేసిన పదకొండు మందీ చేసింది అదే, కాకపోతే అది మనకు తప్పుగా అనిపించదు. ఆ ఫారాలను పారేయనక్కర్లేదు, ఒక్క అభిప్రాయంగా చదువుకుంటే చాలు. అంతేగానీ 38 మందిని పది ప్రశ్నలతో హెచ్చవేసి ‘380 స్పందనల ఆధారంగా’ అని నివేదికలో రాసుకోవడం కుదరదు. అభిప్రాయం చెప్పిన మనుషులు 38 మందే.

ఇంతకీ ఆ అంకె కొలుస్తున్నది బోధననేనా? దీని మీద నాకు బాగా నమ్మకం కలిగించిన పని అమెరికా ఎయిర్ ఫోర్స్ అకాడమీలో జరిగింది. అక్కడ విద్యార్థులకు సెక్షన్ ఎంచుకునే వీలుండదు, యాదృచ్ఛికంగా కేటాయిస్తారు. ఒకే సిలబస్, అందరికీ ఒకే పరీక్ష. స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ రికార్డులను తవ్వి 2010లో ఫలితాలు ప్రచురించారు. మొదటి కాల్‌క్యులస్ కోర్సులో ఎవరి దగ్గర చదివినవారికి ఆ కోర్సు పరీక్షలో మంచి మార్కులొచ్చాయో ఆ లెక్చరర్లకు ఫీడ్‌బ్యాక్ కూడా బాగుంది. కానీ అదే విద్యార్థులు తర్వాతి కోర్సుల్లో, ఆ పునాది మీద కట్టాల్సిన చోట, మిగతావారి కన్నా వెనకబడ్డారు. పరీక్షకు సరిపడా తేలిగ్గా చెప్పినవారిని పిల్లలు మెచ్చుకున్నారు, లోతుగా నడిపించినవారి విలువ తర్వాతి ఏడాది గానీ బయటపడలేదు అన్నది దీనికి వాళ్లు సూచించిన వివరణల్లో ఒకటి. జర్మనీలోని మ్యూన్‌స్టర్ వైద్య విద్యార్థుల మీద 2018లో వచ్చిన అధ్యయనం ఇంకా సరదాగా ఉంటుంది. విద్యార్థులను చిన్న బృందాలుగా చేసి సగం బృందాలకు క్లాసులో చాక్లెట్ బిస్కట్లు పెట్టారు. బిస్కట్లు తిన్న బృందాలు టీచర్లకే కాదు, కోర్సు మెటీరియల్‌కీ ఎక్కువ మార్కులు వేశాయి.

అందుకని ఫారాలను చెత్తబుట్టలో వేయాలని నేననను. ఏ ప్రశ్నకు ఎవరు సరైన సాక్షి అన్నది చూసుకోవాలి. చివరి బెంచీకి మాట వినిపిస్తోందా, బోర్డు మీది అక్షరం కనిపిస్తోందా, సందేహం అడిగితే విసుక్కుంటున్నారా, ఇవి విద్యార్థికి తెలిసినంత ఎవరికీ తెలియవు. సబ్జెక్టు మీద పట్టుందా, సిలబస్ ఎంత లోతుగా చెప్పారు అన్నవి ఇప్పుడే ఆ సబ్జెక్టు నేర్చుకుంటున్నవారిని అడిగి లాభం లేదు. దానికి అదే సబ్జెక్టు చెప్పే ఇంకో లెక్చరర్ కావాలి.

మేడమ్ ఫారాల్లో అసలు సరుకు అడుగున రాసిన వ్యాఖ్యల్లో దొరుకుతుంది. 1 వేసిన ముగ్గురూ ఏమీ రాయలేదు. 2 వేసిన ఇద్దరూ, 3 వేసినవారిలో ముగ్గురూ, 4 వేసినవారిలో ఇద్దరూ దాదాపు ఒకే మాట రాశారు: ‘మెష్ అనాలిసిస్ ప్రాబ్లమ్స్‌లో మధ్య స్టెప్పులు వదిలేస్తున్నారు, ఈక్వేషన్ ఎలా వచ్చిందో అర్థం కావట్లేదు.’ ఏడుగురు. ఒకరి మాట ఒకరు చూడకుండా, తక్కువ వేసినవారూ బాగానే వేసినవారూ కలిసి ఒకే చోట వేలు పెడితే అది కాకతాళీయం కాదు. 4.00కీ 4.08కీ తేడా కన్నా ఈ ఏడుగురి వాక్యం హెచ్‌వోడీకి ఎక్కువ చెబుతుంది. మేడమ్‌తో మాట్లాడాల్సిందీ దీని గురించే. చాలాసార్లు దీనికి కారణం కూడా సాదాగా ఉంటుంది: మొదటి సంవత్సరంలో సైమల్టేనియస్ ఈక్వేషన్లు మ్యాట్రిక్స్‌తో సాధించడం వచ్చేసిందన్న నమ్మకంతో ఆమె ఆ భాగం దాటేస్తుంటారు, లేటరల్ ఎంట్రీలో డిప్లొమా నుంచి వచ్చినవారికి ఆ మొదటి సంవత్సరమే లేదు. ఇక ఆ 1 వేసిన ముగ్గురు ఎవరో కనిపెట్టే పని పెట్టుకోకూడదు. ల్యాబ్ బ్యాచ్‌లా పదిహేను మందే ఉన్న చోట టైమ్‌స్టాంప్ చూసి ఊహించేయడం తేలిక. అలా ఒక్కసారి జరిగిందని పిల్లలకు తెలిస్తే ఆ తర్వాత వచ్చేవన్నీ ఐదులే.

మరి తక్కువ అంకెను ఎప్పుడు నమ్మాలి? ఒక్క సెమిస్టర్ చూసి కాదు. అదే మనిషి, అదే సబ్జెక్టు, వేర్వేరు సెక్షన్లు, రెండు మూడేళ్లు. 38 ఫారాల మీద ఊగిసలాట అటూ ఇటూ 0.4 ఉంది. అలాంటి ఐదు సెక్షన్లు కలిసి 190 ఫారాలైతే అది 0.18కి తగ్గుతుంది. పోల్చడం కూడా ఎలెక్టివ్ చెప్పేవారితో కాదు, అదే నెట్‌వర్క్ థియరీని ఇంకో సెక్షన్‌కు చెప్పేవారితో పోల్చాలి. లెక్కలతో నిండిన తప్పనిసరి సబ్జెక్టుకూ, పిల్లలు కోరి ఎంచుకున్న సబ్జెక్టుకూ వచ్చే మార్కులు మొదటినుంచే వేరు. ఇన్ని చూశాక కూడా ఒకరికి ఐదు సెక్షన్లలోనూ 3.4 దగ్గరే వస్తూ, అదే సబ్జెక్టు చెప్పే మిగతావారికి 4.1 వస్తుంటే అప్పుడది ఊగిసలాట కాదు. అప్పుడు సీనియర్ ఒకరు ముందే చెప్పి, ఒక మామూలు రోజున గంట మొత్తం ఆ క్లాసు వెనక బెంచీలో కూర్చోవాలి. పిల్లలు నోట్సులో ఎక్కడ రాయడం ఆపేస్తున్నారో చూడాలి. తర్వాత ఆ లెక్చరర్ పక్కన కూర్చుని, ఆ గంటలో బోర్డు మీద రాసినదాన్ని వరుసకు వరుస మళ్లీ తిరగేయాలి.